ఎడిటర్‌కు పనికొచ్చే ‘కుదరదు’

జర్నల్ నుంచి మెయిల్ వస్తుంది. ఫలానా పేపర్ మా పరిశీలనలో ఉంది, రివ్యూ చేయగలరా అని అడుగుతారు. కింద పేపర్ శీర్షిక, సారాంశం, గడువు తేదీ ఉంటాయి. ఆ తర్వాత రెండు లింకులు: ఒప్పుకోవడానికి ఒకటి, కాదనడానికి ఒకటి. మీకు ఆ నెలంతా పరీక్ష పేపర్లు దిద్దే పని ఉండొచ్చు. రచయితల్లో ఒకరు మీతో కలిసి పనిచేసినవారు కావచ్చు. పేపర్లో సగం మీకు పట్టులేని విషయం కావచ్చు. అప్పుడు చాలామంది ఏ లింకూ నొక్కరు. కాదంటే ఎడిటర్ ఏమనుకుంటారోనని మొహమాటపడి, ‘రేపు చూద్దాంలే’ అని పక్కన పెడతారు. వారం గడిచిపోతుంది.

ఎడిటర్ కుర్చీలోంచి చూస్తే ఆ వారం వేరుగా కనిపిస్తుంది. ఒక పేపర్‌పై నిర్ణయానికి సాధారణంగా రెండు మూడు రివ్యూలు కావాలి. పబ్లాన్స్ సంస్థ 2018లో వేసిన నివేదిక ప్రకారం, ఒక రివ్యూ రాబట్టడానికి 2013లో సగటున 1.9 మందిని పిలవాల్సివస్తే, 2017 నాటికి 2.4 మందిని పిలవాల్సివచ్చింది. అంటే కొందరు కాదంటారని ఎడిటర్‌కు ముందే తెలుసు. కాదనడం ఆయనకు కొత్తా కాదు, కోపమూ రాదు. ఆయన్ని కదలనివ్వకుండా చేసేది జవాబే రాకపోవడం. మీరు కాదనేదాకా ఆ స్థానంలో ఇంకొకరిని పిలవడానికి ఆయన వెనకాడతారు. రిమైండర్ పంపుతారు, మరికొన్ని రోజులు ఆగుతారు, చివరికి మీ ఆహ్వానాన్ని రద్దుచేసి మళ్లీ మొదలుపెడతారు. ముగ్గురు వరుసగా ఇలాగే మౌనంగా ఉంటే పేపర్ ఒక్క అడుగూ వేయకుండానే నెల దాటిపోతుంది. ఆ పేపర్ వస్తే తప్ప థీసిస్ సమర్పించలేని విద్యార్థి ఎక్కడో ఎదురుచూస్తుంటారు.

కాబట్టి ఈ అధ్యాయంలో నేర్చుకునేది మర్యాదగా కాదనడం కంటే కాస్త ఎక్కువే. మీరు చెప్పే ‘కుదరదు’తో ఎడిటర్ తర్వాతి అడుగు వేయగలగాలి. అందుకు మూడు విషయాలు ఆయనకు తెలియాలి: మీకు అడ్డొచ్చింది ఏమిటి, ఎంతమేరకు అడ్డొచ్చింది, మీకు బదులు ఎవరు.

ముందు అడ్డం ఏదో తేల్చుకోండి

కాదనడానికి కారణాలు చాలా కనిపిస్తాయి గానీ మూడు రకాల్లోకి వస్తాయి: సమయం లేకపోవడం, ఆ విషయంలో తగినంత పట్టు లేకపోవడం, రచయితలతోనో ఫలితంతోనో సంబంధం ఉండటం. పరిశోధకులు కాన్‌ఫ్లిక్ట్ అనేది ఈ మూడోదాన్నే. మూడింటికీ ఒకే జవాబు రాస్తే ఎడిటర్‌కు అందాల్సిన సమాచారం అందదు. ‘ప్రస్తుతం వీలుపడదు’ అని రాసి అసలు కారణంగా కాన్‌ఫ్లిక్ట్‌ను దాచారనుకోండి. మూడు నెలల తర్వాత అదే పేపర్ సవరించి వచ్చినప్పుడు ఎడిటర్ మళ్లీ మిమ్మల్నే అడుగుతారు. ఈసారి మీకు ఖాళీ ఉంటుందని ఆయన అనుకోవడంలో తప్పులేదు కదా.

సమయమే అడ్డమైతే తొందరపడి కాదనకండి. మెయిల్‌లో ఉన్న గడువు చాలావరకు సిస్టమ్ తనంతట తాను వేసినది. రెండు వారాలిచ్చిన చోట నాలుగు వారాలు అడిగితే ఒప్పుకునే ఎడిటర్లే ఎక్కువ. ‘ఫలానా తేదీకి ఇవ్వగలను, అప్పటికి పర్లేదంటే చెప్పండి’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆ తేదీకీ కుదరదనుకుంటే అప్పుడు కాదనండి. ఎప్పటి నుంచి మళ్లీ పిలవొచ్చో కూడా రాస్తే మిమ్మల్ని జాబితాలోంచి తీసేయరు. అన్నిటికంటే నష్టం చేసేది ఒప్పుకుని మాయమైపోవడం. కాదన్నవారి స్థానంలో అదే రోజు ఇంకొకరిని పిలుస్తారు. ఒప్పుకున్నవారి కోసమైతే గడువు దాటాక కూడా ఎదురుచూస్తారు.

మిగతా రెండు కారణాలకు ఇంకాస్త ఆలోచన కావాలి. ఒక ఉదాహరణ కల్పించుకుని చూద్దాం.

సగం తెలిసిన పేపర్ వస్తే

హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో భూగర్భ జలాల రసాయనశాస్త్రం చెప్పే అసోసియేట్ ప్రొఫెసర్ ఉన్నారనుకుందాం. నల్గొండ ప్రాంతపు బావుల్లో ఫ్లోరైడ్ మీద ఆమె ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఒక జర్నల్ ఆమెకు పేపర్ పంపుతామంటుంది. దక్కన్ గ్రానైట్ ప్రాంతంలో ఏ బావిలో ఫ్లోరైడ్ ఎక్కువుంటుందో రాండమ్ ఫారెస్ట్ అనే మెషిన్ లెర్నింగ్ పద్ధతితో అంచనా వేశామని సారాంశం చెబుతోంది.

ఇందులో మొదటి సగం ఆమెకు కొట్టినపిండి. గ్రానైట్‌లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి ఎలా దిగుతుందో, నీళ్లలో కాల్షియం తక్కువై, సోడియం, బైకార్బనేట్ ఎక్కువైనప్పుడు అది ఎందుకు పేరుకుంటుందో ఆమె నిద్రలో అడిగినా చెబుతారు. రెండో సగం అలా కాదు. మోడల్‌కు నేర్పడానికి కొన్ని బావుల లెక్కలు, పరీక్షించడానికి మరికొన్ని బావుల లెక్కలు విడదీస్తారు. పక్కపక్క బావుల నీళ్లు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, ఒక బావి నేర్పే గుంపులో, దాని పక్క బావి పరీక్షించే గుంపులో పడితే మోడల్ నిజంగా ఉన్నదానికంటే తెలివైనదిగా కనిపిస్తుంది. అలా జరిగిందో లేదో పద్ధతుల భాగం చదివి పట్టుకోగల నైపుణ్యం తనకు లేదని ఆమెకు తెలుసు.

ఆమె ముందు మూడు దారులు ఉన్నాయి. అంతా తెలిసినట్టు ఒప్పుకోవడం మొదటిది. ఇందులో ప్రమాదం ఏమిటంటే, రసాయనం బాగుందని ఆమె రాస్తే మోడల్ కూడా బాగుందనే ఎడిటర్ అనుకుంటారు. ఆమె మౌనమే సమ్మతిగా లెక్కకొస్తుంది. పూర్తిగా కాదనడం రెండోది. అప్పుడు ఎడిటర్‌కు దొరక్క దొరికిన రసాయన నిపుణురాలు చేజారిపోతారు. మూడోది, తాను ఎంతవరకు చూడగలరో ముందే చెప్పి ఎడిటర్‌నే తేల్చమనడం.

మూడోదే సరైన దారి. కమిటీ ఆన్ పబ్లికేషన్ ఎథిక్స్, అందరూ కోప్ అని పిలిచే సంస్థ, రివ్యూయర్లకు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పేపర్లో కొంత భాగానికే నైపుణ్యం ఉంటే ఆ హద్దు స్పష్టంగా చెప్పమంటాయి. ఆమె రాయాల్సింది ఇంతే:

“నీటి రసాయనం, నమూనాల సేకరణ, ఫ్లోరైడ్ మూలాలపై రచయితల వాదన: ఇవి నేను చూడగలను. మోడల్ నిర్మాణం, దాన్ని పరీక్షించిన తీరు నా పరిధిలోవి కావు. ఆ భాగానికి మీకు వేరే రివ్యూయర్ ఉంటే నేను సిద్ధం. లేదా రసాయనానికి ఇప్పటికే ఎవరైనా ఉంటే నన్ను మినహాయించండి.”

ఈ జవాబులో ‘నాకు అంతగా తెలియదండీ’ అన్న వినయం లేదు. వినయంతో ఎడిటర్ ఏమీ చేయలేరు. ఏది తెలుసు, ఏది తెలియదు అన్న గీతతో మాత్రం ఆయన రెండో రివ్యూయర్‌గా ఎలాంటివారిని వెతకాలో వెంటనే తేల్చుకోగలరు. పట్టు లేదని కాదనేవారందరూ ఈ ఒక్క అలవాటు చేసుకుంటే మేలు: తెలియనిదాని పేరు చెప్పండి. ‘ఇది నా రంగం కాదు’ అనే మాటకంటే ‘ఇందులోని స్పేషియల్ స్టాటిస్టిక్స్ నాకు రాదు’ అనే మాట పదిరెట్లు ఉపయోగం.

రచయితల జాబితాలో తెలిసిన పేరు ఉంటే

ఇప్పుడు అదే ఉదాహరణలో ఒక్కటి మారుద్దాం. రచయితల్లో రెండో పేరు ఆమెతో కలిసి రెండేళ్ల కింద పేపర్ రాసినవారిది. ఇద్దరికీ ఇంకా ఒక ఉమ్మడి ప్రాజెక్టు నడుస్తోంది. ఇప్పుడు ఎంతవరకు చూడగలననే ప్రశ్న లేదు. కాదనాల్సిందే.

ఎంత దగ్గరితనమైతే కాన్‌ఫ్లిక్ట్ అవుతుందన్నది జర్నల్‌ను బట్టి మారుతుంది. ఆ జర్నల్ పెట్టిన నిబంధనే మొదట చూడాలి. కొలబద్ద కావాలంటే అమెరికాలోని నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ప్రాజెక్టు ప్రతిపాదనల విషయంలో పాటించేది ఉంది. అక్కడ గత 48 నెలల్లో కలిసి పేపర్ రాసినవారి పేర్లు చెప్పాలి. పీహెచ్‌డీ గైడ్‌కు, విద్యార్థికి మధ్య సంబంధానికైతే కాలపరిమితి లేదు. ఒకే విభాగంలో పనిచేయడం, బంధుత్వం, ఆ పరిశోధన ఫలితం వల్ల మీకు డబ్బు రావడమో పోవడమో జరిగే అవకాశం: వీటి గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు, కాన్‌ఫ్లిక్టే.

స్నేహం ఒక్కటే కాన్‌ఫ్లిక్ట్ అనుకోవడం పొరపాటు. ఆ గుంపుతో మీకు పాత వాదన ఉండి, వాళ్ల పేపర్ అనగానే తప్పులు వెతకాలనిపిస్తే అదీ కాన్‌ఫ్లిక్టే. మీరు అదే ప్రశ్నపై, అదే ప్రాంతంపై పేపర్ రాస్తుంటే అది ఇంకా గట్టిది. ఇలాంటప్పుడు ‘ఒకసారి లోపలేముందో చూసి చెబుదాం’ అనిపించడం సహజం. కానీ పూర్తి పేపర్ తెరవడానికే ఒప్పుకోవడం కోప్ నేరుగా వద్దన్న పని. మీ పేపర్ రేపు అచ్చయినప్పుడు, అందులోని ఏ ఆలోచన మీదో, ఏది చూసి రాసిందో మీరు కూడా నిరూపించుకోలేరు. సారాంశం దగ్గరే ఆగి, ‘ఇదే అంశంపై మా పేపర్ సిద్ధమవుతోంది, అందువల్ల తప్పుకుంటున్నాను’ అని రాయడం మీకే రక్షణ.

నిర్ణయించుకోలేని సందర్భాలూ ఉంటాయి. ఒక సదస్సులో పరిచయమైనవారు, ఎనిమిదేళ్ల కింద ఒక పేపర్‌లో పదిమందిలో ఒకరుగా ఉన్నవారు, అదే పేపర్‌ను గతంలో వేరే జర్నల్‌కు మీరే రివ్యూ చేసి ఉండటం. ఇలాంటివి మీరే తీర్పు చెప్పుకోకుండా ఎడిటర్ ముందు పెట్టండి. ‘సంబంధం ఇది. నిష్పక్షపాతంగా చూడగలనని అనుకుంటున్నాను. నిర్ణయం మీది.’ చాలాసార్లు ఆయన పర్లేదంటారు. వద్దన్నా మీకు పోయేదేమీ లేదు.

రచయితల పేర్లు దాచిపెట్టే జర్నళ్లలో ఇంకో చిక్కు ఉంది. పేరు లేకపోయినా నల్గొండ బావుల లెక్కలు, ఆ పరికరం, ఆ వాక్యాల తీరు చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది. తెలియనట్టు నటించొద్దు. ‘పేర్లు లేకపోయినా ఇది మాతో కలిసి పనిచేసే బృందానిదని అనుకుంటున్నాను’ అని చెబితే సరిపోతుంది. ఊహ తప్పో ఒప్పో ఎడిటర్ చూసుకుంటారు. ఎవరిదని మాత్రం ఆయన్ని అడగకండి. రచయితకు ఫోన్ చేసి ‘మీదేనా’ అని అసలే అడగకండి.

కాన్‌ఫ్లిక్ట్ చెప్పే వాక్యం పొట్టిగా, పొడిగా ఉండాలి. ‘రెండో రచయితతో 2 సంవత్సరాల కింద పేపర్ రాశాను, ఉమ్మడి ప్రాజెక్టు కొనసాగుతోంది’ అంటే చాలు. ఆ వాక్యం తర్వాత పేపర్ గురించి ఒక్క మాట కూడా వద్దు. ‘మంచి బృందం, తప్పక వేయండి’ అన్నా, ‘వాళ్ల లెక్కలు జాగ్రత్తగా చూడండి’ అన్నా అది వెనుక తలుపు నుంచి ఇచ్చిన రివ్యూయే. కాదన్నవారికి ఆ హక్కు లేదు.

మీకు బదులు ఎవరు

కాదన్నాక చాలా జర్నళ్ల సిస్టమ్‌లలో ఒక పెట్టె తెరుచుకుంటుంది, ఇంకెవరినైనా సూచించమని. అక్కడ ఏమీ రాయకుండా మూసేయడం పెద్ద తప్పు కాదు. కానీ అక్కడ రాసే రెండు మూడు పేర్లే ఎడిటర్‌కు వారం ఆదా చేస్తాయి. పెళ్లి సంబంధం చెప్పడం లాంటిదే ఇది: చెప్పినవాళ్లు రెండు వైపులా విచారించి చెప్పారని అవతలివారు నమ్ముతారు.

ముందు చూడాల్సింది పెద్ద పేరు కాదు. రంగంలో అందరికీ తెలిసిన ప్రొఫెసర్ పేరు ఎడిటర్‌కూ తెలుసు. ఆయన్ని ఇప్పటికే పిలిచి ఉంటారు, ఆయన కాదనీ ఉంటారు. మీ నుంచి ఎడిటర్‌కు కావాల్సింది తనకు తెలియని పేర్లు: గత రెండు మూడేళ్లలో ఆ పద్ధతితోనే పేపర్లు రాసినవారు, పీహెచ్‌డీ పూర్తిచేసి సొంతంగా పని మొదలుపెట్టిన యువ పరిశోధకులు. వారికి సమయం ఉంటుంది, పద్ధతి చేతిలో తాజాగా ఉంటుంది.

తర్వాత ఆ పేరు రచయితలకు ఎంత దూరంలో ఉందో చూడాలి. మన ప్రొఫెసర్ ఉదాహరణలో మోడల్ భాగానికి ఆమెకు ముగ్గురు తోచారనుకోండి. ఒకరు రచయితల సంస్థలోనే పనిచేస్తున్నారు, తీసేయాలి. రెండోవారి పేపర్ల జాబితా గూగుల్ స్కాలర్‌లో చూస్తే నిరుడే మొదటి రచయితతో కలిసి రాశారు, వారినీ తీసేయాలి. మూడోవారు వేరే దేశంలో, గ్రానైట్ ప్రాంతాల్లోనే ఆర్సెనిక్ అంచనాలపై పనిచేస్తున్నారు, రచయితలెవరితోనూ కలిసి రాయలేదు. ఆ పేరు పంపొచ్చు. ఐదు నిమిషాల వెతుకులాట ఇది. ఇది చేయకపోతే మీరిచ్చిన పేరుకు ఎడిటర్ ఆహ్వానం పంపి, వారం ఆగి, ‘కాన్‌ఫ్లిక్ట్ ఉంది’ అన్న జవాబు అందుకుంటారు. మొదటికొస్తారు.

మూడో సంగతి, చిరునామా. విశ్వవిద్యాలయం పేజీలో ఉన్న మెయిలే ఇవ్వండి. వ్యక్తిగత మెయిల్ ఖాతాలు వద్దు. ఈ జాగ్రత్త వెనుక చేదు చరిత్ర ఉంది. సూచించిన రివ్యూయర్ల పేరుతో రచయితలో, వారి తరఫు మనుషులో నకిలీ మెయిళ్లు తెరిచి తమ పేపర్లకు తామే రివ్యూలు రాసుకున్న సంఘటనలు బయటపడ్డాయి. అలాంటి కారణాలతో ట్యూమర్ బయాలజీ అనే ఒక్క జర్నల్ నుంచే 2017లో 107 పేపర్లను వెనక్కి తీసుకున్నారు. అప్పటి నుంచి ఎడిటర్లు సంస్థ మెయిల్ లేని పేరును అనుమానంగానే చూస్తారు. ప్రతి పేరు పక్కన ‘ఎందుకు’ అని అర వాక్యం కూడా రాయండి: ‘మోడల్ భాగానికి’, ‘రసాయనానికి’. అది లేకపోతే ముగ్గురూ ఒకే భాగం చూసేవారై, రెండో భాగం ఎవరూ చూడకుండా మిగిలిపోవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కాన్‌ఫ్లిక్ట్ వల్ల తప్పుకుంటున్నవారు పేర్లు సూచించవచ్చా? సమయం లేకో, పట్టు లేకో తప్పుకున్నవారికి ఇబ్బంది లేదు. కానీ రచయితల మిత్రులో, ప్రత్యర్థులో అయి ఉండి పేర్లిస్తే, తనకు బదులు తనలాగే ఆలోచించేవారిని పంపినట్టు కనిపిస్తుంది. ఉద్దేశం లేకపోయినా చేయి తెలియకుండానే మెత్తనివారి వైపో, కఠినుల వైపో మొగ్గుతుంది. అందుకే గట్టి కాన్‌ఫ్లిక్ట్ ఉన్నప్పుడు పేర్లకు బదులు నైపుణ్యాలు చెప్పడం మేలు: ‘ఈ పేపర్‌కు ఒక భూరసాయన నిపుణులు, ఒక స్పేషియల్ మోడలింగ్ తెలిసినవారు కావాలనిపిస్తోంది.’ ఎడిటర్ పట్టుబట్టి పేర్లే అడిగితే ఇవ్వండి. అయితే మీ సంబంధం ఏమిటో అదే మెయిల్‌లో మళ్లీ రాయండి.

సూచించబోయే వారికి ముందుగా ఫోన్ చేసి ‘ఇలాంటి పేపర్ ఒకటి వచ్చింది, మీ పేరిస్తున్నా’ అని చెప్పాలనిపిస్తుంది. చెప్పకండి. మీరు చదివింది సారాంశమే అయినా అది రహస్యమే. మీ విద్యార్థితో రివ్యూ రాయించాలనుకున్నా పేపర్ వారికి పంపే ముందు ఎడిటర్ అనుమతి తీసుకోవాలి. రివ్యూలో వారి పేరు కూడా నమోదు చేయించాలి.

జవాబు ఎలా ఉండాలి

మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్తుంది. దాని ఎముకలు మాత్రం ఇలా ఉండాలి. ఫ్లోరైడ్ పేపర్ రచయితలెవరూ తెలియని సందర్భంలో, రసాయనానికి తనకంటే ముందే ఒకరు దొరికారని ఎడిటర్ చెప్పాక, మన ప్రొఫెసర్ రాసే చివరి జవాబు:

“ఎడిటర్ గారికి, ఆహ్వానానికి కృతజ్ఞతలు. రసాయన భాగానికి రివ్యూయర్ దొరికారు కాబట్టి నేను తప్పుకుంటున్నాను. మిగిలిన మోడలింగ్ భాగం నా నైపుణ్యంలోది కాదు. రచయితలతో నాకు ఎలాంటి సంబంధమూ లేదు. మోడల్‌ను పరీక్షించిన పద్ధతిని చూడగలవారిగా డాక్టర్ ‘క’ను సూచిస్తున్నాను. భూగర్భ జలాల్లో ఆర్సెనిక్ అంచనాలపై ఆమె ఇదే పద్ధతితో పనిచేశారు. నాకు తెలిసినంతలో రచయితలెవరితోనూ కలిసి రాయలేదు. సంస్థ మెయిల్ కింద ఇస్తున్నాను. ఆమెతో నేను ఈ విషయం మాట్లాడలేదు. నీటి రసాయనంపై పేపర్లకు జూన్ తర్వాత నన్ను పిలవవచ్చు.”

ఇందులో క్షమాపణలు లేవు, పని ఒత్తిడి కథ లేదు. అయినా పొగరుగా లేదు. ప్రతి వాక్యం ఎడిటర్ అడగబోయే ఒక ప్రశ్నకు ముందే జవాబిస్తుంది. ఆహ్వానం అందిన రెండు మూడు రోజుల్లో ఇది వెళ్తే ఇంకేమీ అక్కర్లేదు. ఇంత రాసే తీరిక కూడా లేని రోజున, కాదనే లింకు నొక్కి ‘కాన్‌ఫ్లిక్ట్’ అనో ‘మోడలింగ్ రాదు’ అనో ఒక్క మాట పెట్టండి. వారం తర్వాత వచ్చే అందమైన ఉత్తరం కంటే ఈ రోజు వెళ్లే ఒక్క మాట నయం.

ఈ శ్రమ అంతా నిజమైన జర్నళ్లకే. మీ రంగంతో సంబంధం లేని పేపర్‌ను మూడు రోజుల్లో చూడమనే, ఎడిటర్ పేరూ సంస్థా ఎక్కడా కనిపించని మెయిళ్లకు జవాబివ్వనక్కర్లేదు. వాటిలోని లింకులు నొక్కకపోవడమే మంచిది.

ఈ వారం చేయాల్సింది

కాదనడం ఆలస్యమయ్యేది చాలావరకు పేర్లు తోచక. అందుకని ఒక చిన్న జాబితా ఇప్పుడే తయారు చేసుకోండి. మీ రంగాన్ని నాలుగైదు నైపుణ్యాలుగా విడదీయండి. ఫ్లోరైడ్ ఉదాహరణలోనైతే నీటి రసాయనం, భూగర్భ శాస్త్రం, గణాంకాలు, ఆరోగ్య ప్రభావం. ఒక్కో నైపుణ్యం కింద, మీ విశ్వవిద్యాలయానికి చెందని ఇద్దరు ముగ్గురి పేర్లు, సంస్థ పేజీలోని మెయిల్, మీరు చదివిన వారి పేపర్ ఒకటి రాయండి. సదస్సుల్లో ఎవరైనా పదునైన ప్రశ్న అడిగితే ఆ పేరు చేర్చండి. ఇంకో పేజీలో గత నాలుగైదేళ్లలో మీరు కలిసి పేపర్లు రాసినవారు, మీ గైడ్, మీ విద్యార్థుల పేర్లు రాసుకోండి. తర్వాతి ఆహ్వానం వచ్చినప్పుడు రెండో పేజీ చూస్తే కాన్‌ఫ్లిక్ట్ ఉందో లేదో తేలుతుంది, మొదటి పేజీ చూస్తే బదులు ఎవరో తేలుతుంది. ఎడిటర్‌కు జవాబు అదే రోజు వెళ్తుంది.